ఆస్తి చాలనప్పుడు అంత్యక్రియల ఖర్చు ముందా, అప్పులు ముందా?

చనిపోయిన మనిషి వదిలి వెళ్లిన ఆస్తి అప్పులన్నిటికీ సరిపోతే, ఎవరికి ముందు కట్టాలి అన్న ప్రశ్నతో ఎవరికీ పని ఉండదు. అందరికీ పూర్తిగా అందుతుంది, మిగిలింది వారసులు పంచుకుంటారు. ఆస్తి తక్కువై అప్పులు ఎక్కువైనప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది. అప్పుడు అంత్యక్రియలకు పెట్టిన డబ్బు, ఆఖరి జబ్బుకు ఆసుపత్రి వేసిన బిల్లు మిగతా అప్పులతో కలిసి వరుసలో నిలబడాలా, వాటిని దాటి ముందుకు రావాలా అన్నది చట్టమే తేల్చాలి.

చాలామంది ఈ రెండు ఖర్చులనూ ఒకే గాటన కట్టేస్తారు. చట్టాలు మాత్రం అలా చూడవు. అంత్యక్రియల ఖర్చుకు దాదాపు ప్రతి చోటా ముందు వరుసే. ఆఖరి జబ్బు ఖర్చు ఒక దేశంలో దాని పక్కనే కూర్చుంటుంది, ఇంకో దేశంలో రెండు మెట్లు కిందకు దిగుతుంది, మరో దేశంలో క్రెడిట్ కార్డు బకాయితో సమానమైన మామూలు అప్పుగా మిగిలిపోతుంది.

అంత్యక్రియలకు ఈ ముందు వరుస కొత్తగా వచ్చింది కాదు. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కూర్పించిన రోమన్ న్యాయ సంకలనం డైజెస్ట్‌లో 11వ గ్రంథం దీని గురించి ఒక అధ్యాయమే కేటాయించింది. ఆస్తి అప్పులకు చాలకపోయినా అంత్యక్రియల ఖర్చును ముందుగా తీయాలని, అది అన్ని అప్పుల కన్నా ముందు వస్తుందని న్యాయవేత్త మేసియానస్ మాటగా అందులో ఉంది. కారణం సులభంగానే అర్థమవుతుంది. శవం ఎదురుచూడదు. డబ్బు తిరిగి వస్తుందో రాదో తెలియకపోతే ఆ పనికి ఎవరూ ముందుకు రారు. అప్పు ఇచ్చినవాడికి ఆలోచించుకునే సమయం ఉంది, వడ్డీ ఉంది, తాకట్టు పెట్టించుకునే వీలూ ఉంది. అంత్యక్రియలు జరిపించేవాడికి ఇవేవీ ఉండవు.

ఆఖరి జబ్బు ఖర్చుకు చెప్పే కారణం కూడా ఇలాంటిదే. డబ్బుల్లేని మనిషని తెలిసినా వైద్యుడు వెనకాడకూడదు అన్నది దాని వెనక ఉన్న ఉద్దేశం. 1804 నాటి ఫ్రెంచ్ సివిల్ కోడ్ చరాస్తుల మీద ముందు హక్కు ఉన్న బాకీలను వరుసగా చెబుతూ కోర్టు ఖర్చులు, అంత్యక్రియలు, ఆఖరి జబ్బు ఖర్చులు, పనివాళ్ల జీతాలు అనే క్రమాన్ని పెట్టింది. భారతీయ వారసత్వ చట్టం, 1925లోనూ ఇవే నాలుగు వస్తాయి, క్రమం మాత్రం వేరు. సెక్షన్ 320 ప్రకారం చనిపోయిన వ్యక్తి స్థాయికి తగిన మేర అంత్యక్రియల ఖర్చు, మరణశయ్య ఖర్చులు రెండూ అన్ని అప్పుల కన్నా ముందు కట్టాలి. మరణశయ్య ఖర్చుల్లో వైద్యుల ఫీజు, చనిపోవడానికి ముందు ఒక నెల బస, భోజనం కలుస్తాయి. ఆ తర్వాత సెక్షన్ 321 కింద వీలునామాను కోర్టు ధ్రువీకరించే ప్రొబేట్, ఆస్తిని చక్కబెట్టే అధికారమిచ్చే లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ తెచ్చుకోవడానికి, ఎస్టేట్‌కు, అంటే చనిపోయిన వ్యక్తి వదిలిన ఆస్తికి, అవసరమైన కోర్టు వ్యవహారాలకు అయిన ఖర్చు వస్తుంది. సెక్షన్ 322 కింద కూలీలకు, చేతిపనివాళ్లకు, ఇంటి పనివాళ్లకు చివరి మూడు నెలల్లో చేసిన పనికి రావలసిన జీతం తర్వాతి మెట్టు. చివరికి మిగతా అప్పులు. వాటిలో ఎవరికీ ప్రత్యేక హక్కు లేకపోతే, సెక్షన్ 323 ప్రకారం ఉన్నదాన్ని దామాషాలో పంచాలి.

ఈ వరుసను చదివి వదిలేస్తే ఏమీ తేలదు. లెక్క వేసి చూస్తేనే ఎక్కడ పేచీలు వస్తాయో కనిపిస్తుంది.

ఒక మనిషి మూడు నెలలు ఆసుపత్రిలో ఉండి చనిపోయాడనుకుందాం. ఇల్లు అమ్మితే 30 లక్షలు వస్తుంది, కానీ దాని మీద 26 లక్షల గృహరుణం ఉంది. బ్యాంకు ఖాతాలో 4 లక్షలు ఉన్నాయి. వాహనం అమ్మితే ఒక లక్ష. ఆసుపత్రి మొత్తం బిల్లు 8 లక్షలు. అందులో మొదటి రెండు నెలలది నాలుగున్నర లక్షలు, చివరి నెలది మూడున్నర లక్షలు. బతికుండగానే 2 లక్షలు కట్టారు, 6 లక్షలు బాకీ. అంత్యక్రియలకు తమ్ముడు తన జేబులోంచి 2 లక్షలు పెట్టాడు. అందులో అంత్యక్రియల ఖర్చు లక్షా ఇరవై వేలు, మిగతా ఎనభై వేలు స్మారక కట్టడానికి. కోర్టు ఖర్చులు యాభై వేలు. ఇంటి పనిమనిషికి నెలకు పదివేల చొప్పున నాలుగు నెలల జీతం బాకీ. వీటికి తోడు 7 లక్షల 40 వేల పర్సనల్ లోన్, ఒక బంధువు దగ్గర తీసుకున్న 4 లక్షల చేబదులు ఉన్నాయి.

మొదట గృహరుణాన్ని పక్కకు తీయాలి. "అన్ని అప్పుల కన్నా ముందు" అని చట్టం అన్నంత మాత్రాన తాకట్టు హక్కు చెరిగిపోదు. ఇంటి మీద హక్కు ఉన్న బ్యాంకు ఆ ఇంటి విలువలోంచి తన 26 లక్షలు తీసుకుంటుంది. వరుస మొదలయ్యేది ఆ తర్వాత మిగిలిన సొమ్ము దగ్గరే. ఈ తేడా పట్టించుకోకపోతే "మాది మొదటి హక్కు కదా, ఇల్లు అమ్మగానే ముందు మాకివ్వండి" అని ఆసుపత్రి బ్యాంకుతో తగువుకు దిగుతుంది. ఆ తగువులో ఆసుపత్రి గెలవదు. ఇస్లామీయ వారసత్వంలో హనఫీ న్యాయం కూడా ఇదే దారిలో వెళుతుంది. తనఖాలో ఉన్న వస్తువు మీది హక్కు అంత్యక్రియల కన్నా కూడా ముందు నిలుస్తుంది, ఆ తర్వాతే అంత్యక్రియలు, అప్పులు, మూడో వంతు దాటని వసియత్తు అనే వీలునామా పంపకం, వారసుల వాటాలు.

అలా మన చేతికి వచ్చేది ఇంట్లో మిగిలిన 4 లక్షలు, ఖాతాలో 4, వాహనం 1, మొత్తం 9 లక్షలు. కట్టాల్సింది మాత్రం 20 లక్షలకు చేరువలో ఉంది.

ఇక తమ్ముడి 2 లక్షలు. తన డబ్బు పెట్టి అంత్యక్రియలు చేసినవాడు సాధారణంగా ఆ ముందు వరుసలోనే నిలబడి ఎస్టేట్ నుంచి రాబట్టుకోవచ్చు. కానీ మొత్తం రాదు. వెచ్చించినదంతా న్యాయమైన ఖర్చు కాదు. ఆస్తి సరిపోయినప్పుడు కోర్టులు మనిషి హోదాను చూసి ఉదారంగా ఉంటాయి. ఆస్తి చాలనప్పుడు అదే హోదాకు ప్రమాణం బాగా చిక్కిపోతుంది, ఎందుకంటే అక్కడ ఖర్చయ్యేది నిజానికి అప్పిచ్చినవాళ్ల డబ్బు. ఇంగ్లండ్‌లో 1830 నాటి హాన్‌కాక్ వర్సెస్ పాడ్‌మోర్ కేసులో, సగం జీతం మీద ఉన్న ఒక సైన్యాధికారి అంత్యక్రియలకు 79 పౌండ్లు మితిమీరిన ఖర్చని అప్పిచ్చినవాళ్ల తరఫున కోర్టు తేల్చింది. అలాగే ఇక్కడ లక్షా ఇరవై వేలు నిలుస్తుంది. స్మారక కట్టడం ఎనభై వేలు నిలవడం కష్టం. వారసులకు ఏమైనా మిగిలి ఉంటే, వాళ్లంతా ఒప్పుకుని తమ వాటాలోంచి ఇచ్చుకోవచ్చు. ఇక్కడ వాళ్లకు మిగిలేదే లేదు.

తమ్ముడి విషయంలో ఇంకో ప్రశ్న ఉంది. అతను ఆ డబ్బు పెట్టింది తిరిగి తీసుకుందామనా, ప్రేమతోనా? రోమన్ న్యాయవేత్త అల్పియన్ ఈ ప్రశ్నను చాలా తీరిగ్గా చర్చించాడు. ఖర్చు తిరిగి రాబట్టుకునే ఉద్దేశంతో చేసినవాడికే దావా హక్కు ఉంటుందని, కేవలం మమకారంతో చేసినవాడికి ఉండదని, అందుకే ఏ ఉద్దేశంతో చేస్తున్నాడో ముందే అందరిముందూ చెప్పి పెట్టడం మంచిదని అతని సలహా. సంతాపంలో ఉన్న మనిషిని ఇలా మాట్లాడమనడం కర్కశంగా అనిపించవచ్చు. కానీ ఆర్నెల్ల తర్వాత కోర్టులో నిలబడేటప్పుడు, "ఇది ఎస్టేట్ లెక్కలో నేను పెడుతున్నాను" అని మిగతా కుటుంబానికి పంపిన ఒక చిన్న మెసేజ్, తన పేరు మీద తీసుకున్న రసీదులు ఉన్నవాడికి, లేనివాడికి ఎంతో తేడా ఉంటుంది.

ఆసుపత్రి బిల్లు దగ్గరకొస్తే అసలు మెలిక అక్కడే ఉంది. బాకీ 6 లక్షలు కదా, మొత్తం ముందు వరుసలో పెట్టేద్దామా అంటే కుదరదు. చట్టం చెప్పిన ఆ ఒక నెల మొత్తం మరణశయ్య ఖర్చులకు వర్తిస్తుందా, ఆ సెక్షన్ వాక్యం చివర్లో ఉన్న బస, భోజనాలకే వర్తిస్తుందా అన్నదానిపై వాదించుకోవడానికి ఆస్కారం ఉంది. వీలునామా ప్రకారం ఆస్తి లెక్క చూసే ఎగ్జిక్యూటర్ జాగ్రత్తగా ఉండాలనుకుంటే మొత్తానికీ వర్తిస్తుందని అనుకుని మొదలుపెడతాడు. అప్పుడు ముందు వరుసకు వచ్చేది చివరి నెల సేవలకు సంబంధించిన భాగం మాత్రమే. ఇక్కడ చూడాల్సింది బిల్లు మీద తేదీ కాదు, సేవ అందిన తేదీ. ఫైనల్ బిల్లు ఎప్పుడూ చనిపోయిన రోజే వస్తుంది. దాన్ని అలాగే తీసుకుంటే రెండు నెలల పాత ఖర్చు కూడా ముందు వరుసలోకి జారుకుంటుంది. అందుకే రోజువారీ బిల్లు అడిగి తీసుకోవాలి.

ఇక బతికుండగా కట్టిన 2 లక్షలు దేనికింద జమ? ఇది చిన్న ప్రశ్నలా ఉన్నా లక్షల తేడా తెచ్చేది ఇదే. భారత కాంట్రాక్టు చట్టం, 1872లో సెక్షన్ 59 నుంచి 61 వరకు దీనికి క్రమం ఉంది. కట్టేవాడు ఫలానా బాకీ కింద అని చెబితే దాని కిందే జమ చేయాలి. చెప్పకపోతే పుచ్చుకున్నవాడు తనకు నచ్చిన బాకీ కింద వేసుకోవచ్చు. ఇద్దరూ చెప్పకపోతే పాత బాకీలు ముందు తీరతాయి. ఈ వరుసను బట్టి చూస్తే, ఎవరూ ఏమీ చెప్పని ఇలాంటి సందర్భంలో 2 లక్షలు మొదటి రెండు నెలల బిల్లులోంచి పోతాయి. ఆసుపత్రికి కావలసింది కూడా అదే, ఎందుకంటే ముందు వరుసలో ఉన్న చివరి నెల బాకీ చెక్కుచెదరకుండా నిలుస్తుంది. కాబట్టి మూడున్నర లక్షలు ముందు వరుసలో, మిగతా రెండున్నర లక్షలు మామూలు అప్పుల్లో. వైద్య బీమా డబ్బు వచ్చినా ఇదే పద్ధతిలో అది ఏ తేదీల చికిత్సకు వచ్చిందో చూసి తీసేయాలి. బీమా ఇచ్చిన సొమ్మును ఎస్టేట్ నుంచి రెండోసారి అడిగే బిల్లులు అరుదేమీ కాదు.

ఇప్పుడు 9 లక్షల్లోంచి తీద్దాం. అంత్యక్రియలకు 1.2, ఆసుపత్రికి 3.5 పోతే 4.3 లక్షలు మిగులుతాయి. కోర్టు ఖర్చు యాభై వేలు పోతే 3.8. పనిమనిషికి మూడు నెలల జీతం ముప్పై వేలు పోతే 3.5. నాలుగో నెల జీతం పదివేలు మామూలు అప్పుల్లో పడుతుంది. అక్కడ ఎదురుచూసేవి ఆసుపత్రి పాత బాకీ రెండున్నర లక్షలు, ఆ పదివేలు, పర్సనల్ లోన్ 7.4, చేబదులు 4, మొత్తం 14 లక్షలు. ఉన్నది మూడున్నర. కాబట్టి ప్రతివారికీ సరిగ్గా నాలుగో వంతు. పర్సనల్ లోన్‌కు 1 లక్షా 85 వేలు, బంధువుకు లక్ష, పనిమనిషికి రెండున్నర వేలు. ఆసుపత్రికి రెండు మెట్ల మీదా కలిపి 4 లక్షల 12 వేల 500 అందుతుంది.

ఇదే కేసును ఇంగ్లండ్‌కు తీసుకెళితే బొమ్మ మారిపోతుంది. అక్కడ దివాలా ఎస్టేట్‌లో న్యాయమైన అంత్యక్రియల ఖర్చు, ఎస్టేట్ నిర్వహణ ఖర్చు ముందుకు వస్తాయి, ఆఖరి జబ్బుకు ప్రత్యేక చోటు లేదు. ఆసుపత్రి 6 లక్షలతో మామూలు వరుసలో నిలబడితే దానికి దక్కేది రెండున్నర లక్షలు దాటదు. అమెరికాలో పలు రాష్ట్రాలు నమూనాగా తీసుకున్న యూనిఫామ్ ప్రొబేట్ కోడ్ దీనికి దాదాపు ఎదురుగా ఉంటుంది. అందులో సెక్షన్ 3-805 నిర్వహణ ఖర్చును మొదట, అంత్యక్రియలను రెండోది, కేంద్ర చట్టం కింద ముందు హక్కున్న బాకీలను మూడోది, ఆఖరి జబ్బు వైద్య ఖర్చును నాలుగోదిగా పెట్టింది. నెల గడువు లేదు. ఖర్చు న్యాయమైనదై, అవసరమైనదై ఉండాలి, ఆ జబ్బే మరణానికి దారితీసిన చివరి జబ్బై ఉండాలి. అక్కడ కుటుంబానికి దక్కే అలవెన్సులను పక్కన పెడితే, మన ఆసుపత్రికి 6 లక్షలూ వచ్చేస్తాయి. పర్సనల్ లోన్, చేబదులు, జీతం కలిసి మిగిలిన లక్షా ముప్పై వేలను పంచుకోవాలి, అంటే దాదాపు తొమ్మిదో వంతు. గడువు ఉన్న చట్టంలో పేచీ తేదీల మీద వస్తుంది. గడువు లేని చట్టంలో ఏది చివరి జబ్బు అన్నదాని మీద వస్తుంది. ఏళ్ల తరబడి ఉన్న కిడ్నీ వ్యాధితో డయాలసిస్ చేయించుకుంటూ చివరికి న్యుమోనియాతో చనిపోయిన మనిషికి చివరి జబ్బు ఎక్కడ మొదలైంది? గడువు పెట్టిన చట్టం కొందరికి అన్యాయం చేసినా, కనీసం ఈ ప్రశ్న దగ్గర ఏళ్లు గడవనివ్వదు.

ఆచరణలో ఎక్కువగా జరిగే తప్పు మాత్రం ఇంత సూక్ష్మమైనది కాదు. మొదట ఫోన్ చేసినవాడికి, గట్టిగా అరిచినవాడికి ముందు కట్టేయడమే ఆ తప్పు. పర్సనల్ లోన్ రికవరీ వాళ్ల ఒత్తిడి తట్టుకోలేక ఖాతాలో ఉన్న 4 లక్షలు వాళ్లకు ఇచ్చేస్తే, నెల తర్వాత ఆసుపత్రి, పనిమనిషి వచ్చి మా వంతు ఎక్కడ అని అడుగుతారు. వరుస తప్పి కట్టిన ఎగ్జిక్యూటర్ తన సొంత డబ్బుతో ఆ లోటు పూడ్చాల్సి రావచ్చు. ఎగ్జిక్యూటర్ కాని వారసుడికి వచ్చిన వారసత్వం దాటి తండ్రి అప్పుకు పూచీ ఉండదు, తనే హామీ సంతకం పెట్టి ఉంటే తప్ప. ఇక్కడే ఆసుపత్రి అడ్మిషన్ ఫారం చూసుకోవాలి. "బిల్లుకు నాదే బాధ్యత" అని అడ్మిషన్ రోజు కొడుకు సంతకం పెట్టి ఉంటే, ఎస్టేట్‌లో వరుస ఏదైనా ఆసుపత్రి నేరుగా అతన్నే అడగవచ్చు. కట్టిన తర్వాత ఎస్టేట్ వరుసలో ఆసుపత్రి చోటు తనకు దక్కాలని వాదించాల్సింది కొడుకే.

పై లెక్కలో ఇల్లు 30 లక్షలకు బదులు 25 లక్షలకే అమ్ముడైతే? అప్పుడు ఇంట్లోంచి ఏమీ మిగలదు. గృహరుణంలో తీరని లక్ష కూడా మామూలు అప్పుల్లో చేరుతుంది. చేతిలో ఉండేది 5 లక్షలు. అంత్యక్రియలు, చివరి నెల ఆసుపత్రి ఖర్చు పోతే మిగిలేది ముప్పై వేలు. యాభై వేల కోర్టు ఖర్చుకే అది చాలదు. భారతీయ చట్టం కోర్టు ఖర్చును రెండో మెట్టు మీద పెట్టడం వల్ల వచ్చే వింత పరిస్థితి ఇది. ఎస్టేట్‌ను సర్దుబాటు చేయడానికి నెలల తరబడి తిరిగినవాడికి తన ఖర్చే పూర్తిగా రాదని ముందే తెలిస్తే, ఆ పనికి కుటుంబంలో ఎవరూ ముందుకు రారు. అమెరికన్ కోడ్ నిర్వహణ ఖర్చును అంత్యక్రియల కన్నా పైన పెట్టడానికి కారణం కూడా ఇదే. ఇక్కడ అలాంటప్పుడు దారి ఒకటుంది. బంధువుల్లో ఎవరూ ముందుకు రాకపోతే, అప్పిచ్చినవాడికి కూడా లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ ఇచ్చే వీలు సెక్షన్ 218, 219లలో ఉంది. ఈ కేసులో ఆ అర్జీ వేయడానికి అందరికన్నా ఎక్కువ కారణం ఉన్నది మూడున్నర లక్షలు ముందు వరుసలో ఉన్న ఆసుపత్రికే.